ఫొటో నుంచి అచ్చుకు పనికొచ్చే గీతచిత్రం: ఇంక్‌స్కేప్, పోట్రేస్‌లతో నాలుగేళ్లు

బట్ట సంచుల మీద, నోటుపుస్తకాల అట్టల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయించడం కోసం ఫొటోలను గీతచిత్రాలుగా మార్చే పనిని నాలుగేళ్లుగా బొమ్మలు గీసే ప్రోగ్రామ్ అయిన ఇంక్‌స్కేప్‌లోనే చేస్తున్నాను. అందులో ట్రేసింగ్‌ను, అంటే ఫొటోలోని ఆకారాల అంచుల వెంట గీతలు గీసే పనిని నడిపించే పోట్రేస్‌ను విడిగా, కమాండ్ ద్వారా కూడా వాడుతున్నాను. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఆకారాల అంచులను పట్టుకోవడంలో ఈ జంట మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. సన్నని గీతల విషయంలో మాత్రం ఇప్పటికీ ట్రేసింగ్‌ను నమ్మను. ఎందుకో చెప్పడానికి ఒక సైకిల్ ఫొటోను మొదటినుంచి చివరిదాకా చూపిస్తాను.

సైకిల్‌ను పక్కనుంచి, నిటారుగా నిలబెట్టి తీసిన ఫొటో అది. అందులో సైకిల్ పొడవు 3000 పిక్సెళ్లు. నిజం సైకిల్ పొడవు దాదాపు 1.7 మీటర్లు, సంచి మీద అది 20 సెంటీమీటర్లు రావాలి. అంటే ప్రతి కొలతా ఎనిమిదిన్నర రెట్లు తగ్గుతుంది. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న స్పోకు అచ్చులో 0.24 మిల్లీమీటర్లు అవుతుంది, ఫొటోలో అది మూడు నాలుగు పిక్సెళ్లకు మించదు. బట్ట మీద 0.4 మిల్లీమీటర్ల కంటే సన్నని గీత నాకు ఎప్పుడూ తెగకుండా పడలేదు. ఈ లెక్క ముందే వేసుకుంటే, ట్రేసింగ్ మొదలుపెట్టకముందే ఏ భాగాన్ని యంత్రానికి వదలాలో, దేన్ని చేత్తో గీయాలో తేలిపోతుంది. నేను మొదటి ఏడాది ఈ లెక్క వేయలేదు. తెర మీద అందంగా కనిపించిన గీతలు బట్ట మీద ఎందుకు మాయమవుతున్నాయో అర్థం కాక చాలా కాలం వృథా చేశాను.

ఫొటోను సూటిగా నలుపు తెలుపుగా విడగొడితే గీతచిత్రం రాదు, నల్లని మచ్చల బొమ్మ వస్తుంది. నీడపడిన వైపు టైరూ నేలా కలిసిపోతాయి, వెలుగు పడిన వైపు హ్యాండిల్ మాయమవుతుంది. పోట్రేస్‌తో పాటు వచ్చే ఎంకెబిట్‌మ్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్ ఈ చిక్కును తీరుస్తుంది. అది ప్రతి పిక్సెల్‌నూ దాని చుట్టుపక్కల సగటు వెలుగుతో పోల్చి, ఆ తేడాను మాత్రమే ఉంచుతుంది. అందువల్ల టైరు మధ్యలోని ఒకే రకం నలుపు తెల్లబడిపోతుంది, అంచు దగ్గర మాత్రం నల్లని గీత మిగులుతుంది. మనకు కావలసిందీ అదే.

```
mkbitmap -f 4 -s 2 -t 0.45 cycle.ppm -o cycle.pbm
potrace -s -t 80 -a 0.8 -O 0.4 cycle.pbm -o cycle.svg
```

మొదటి వరుసలో `-f` అంటే పోల్చే పరిధి. దాన్ని పెంచితే మరింత నలుపు మిగులుతుంది, తగ్గిస్తే సన్నని అంచులే మిగులుతాయి. `-s 2` బొమ్మను రెట్టింపు చేస్తుంది కనుక సైకిల్ ఇప్పుడు 6000 పిక్సెళ్లు, అంటే అచ్చులో ఒక మిల్లీమీటరుకు 30 పిక్సెళ్లు. రెండో వరుసలోని 80 ఈ లెక్క నుంచే పుట్టింది. 0.3 మిల్లీమీటర్ల చదరపు చుక్క అంటే తొమ్మిది పిక్సెళ్ల వెడల్పు, తొమ్మిది పిక్సెళ్ల ఎత్తు, మొత్తం 81. అంతకు తక్కువ ఉన్న మచ్చ బట్ట మీద మురికిలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ట్రేస్ చేయవద్దని చెబుతున్నాం. నలుపు మధ్యలో ఉండే చిన్న చిన్న తెల్ల రంధ్రాలు కూడా దీంతోనే పూడుకుపోతాయి. `-a` మూలల నునుపు. మామూలుగా 1 ఉంటుంది, నేను చైన్ చక్రం పళ్లు మొద్దుబారకుండా 0.8కి తగ్గించాను. ఇంక్‌స్కేప్‌లో `Path > Trace Bitmap` తెరిచినా ఇవే మీటలు Speckles, Smooth corners, Optimize అనే పేర్లతో ఉంటాయి, కానీ అంచులను మిగిల్చే ఆ ముందస్తు వడపోత కోసమే నేను కమాండ్ దారి పట్టాను.

ఇక స్పోకుల సంగతి. పోట్రేస్ గీతలను గీతలుగా గుర్తించదు, నల్లని ప్రాంతం చుట్టూ అంచు గీస్తుంది. ఒక్క స్పోకు రెండు అంచులున్న పొడవాటి సన్నని ఆకారంగా వస్తుంది. ఆ రెండు అంచులూ విడివిడిగా వంకర తిరుగుతాయి కాబట్టి స్పోకు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా, మెరుపు పడినచోట తెగి కనిపిస్తుంది. ఏ మీట తిప్పినా ఇది పూర్తిగా పోదు. అందుకే ట్రేసింగ్‌కు ముందే రెండు చక్రాలనూ బొమ్మలోంచి చెరిపేసి, తరువాత ఫొటోను అడుగున పెట్టుకుని, టైరుకూ రిమ్ముకూ నిజమైన వృత్తాలు, స్పోకులకు 0.4 మిల్లీమీటర్ల సరళరేఖలు గీస్తాను. చక్రానికి 36 స్పోకులు గీయడానికి అరగంట కూడా పట్టదు. హబ్ దగ్గర వాటి మధ్య ఎడం బాగా ఇరుకైపోయి సిరా నిండి ముద్ద అవుతుంది కనుక, అక్కడ స్పోకులను కాస్త ముందే ఆపి, మధ్యలో ఒక నల్లని బిళ్ల పెట్టేస్తాను.

మిగిలిన ఫ్రేమ్, సీటు, చైన్ చక్రం ట్రేస్ అయి వచ్చాక, గీత వంపులను నిర్ణయించే బిందువులు, అంటే నోడ్లు, అవసరానికి మించి ఉంటాయి. తిన్నగా ఉండవలసిన గొట్టం అంచు మీద కూడా చిన్న చిన్న అలలు కనిపిస్తాయి. దీనికి ఇంక్‌స్కేప్‌లో మందు `Path > Simplify`, అంటే Ctrl+L. నేను ఎక్కువ నష్టపోయిందీ ఇక్కడే. ఒకసారి బొమ్మ మొత్తం ఎంచుకుని, ఫలితం చాలదనిపించి Ctrl+L వరసగా నాలుగుసార్లు నొక్కాను. గొట్టాలు నున్నగా వచ్చాయి, చైన్ చక్రం పళ్లన్నీ కరిగి గుండ్రని పళ్లెంలా తయారైంది. తెరను దగ్గరగా చూడకుండానే ఫిల్మ్ తీయించాను. ఆ సంచులన్నీ పళ్లు లేని సైకిల్‌తోనే అచ్చయ్యాయి.

కారణం రెండు విషయాల్లో ఉంది. సరళీకరణ ఎంత గట్టిగా జరగాలన్నది ఎంచుకున్న మొత్తం పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పెద్ద ఫ్రేమ్‌తో కలిపి ఎంచుకుంటే, ఫ్రేమ్‌కు చిన్నదనిపించే తేడా పంటికి పూర్తి ఎత్తు అవుతుంది. పైగా అర సెకను లోపల మళ్లీ మళ్లీ నొక్కితే ప్రతిసారీ తీవ్రత పెరుగుతూ పోతుంది. ఇప్పుడు చైన్ చక్రాన్ని ఇంకా పిక్సెళ్లుగా ఉన్న బిట్‌మ్యాప్ దశలోనే వేరే ఫైలుగా విడదీసి ట్రేస్ చేస్తాను. ఇంక్‌స్కేప్‌లో దాన్ని ఒంటరిగా ఎంచుకుని ఒక్కసారి నొక్కి, చేయి తీసి, నోడ్ పనిముట్టుతో పళ్ల మొనలు చూస్తాను. ఫ్రేమ్‌కు మాత్రం నిదానంగా, మధ్య మధ్య ఆగి రెండుసార్లు. గొట్టం అంచు ఒక చివర నుంచి ఇంకో చివరకు రెండు మూడు నోడ్లతో నిలబడితే అక్కడితో ఆపేస్తాను. నోడ్ల సంఖ్య ఇంకా తగ్గించాలన్న ఆశతో ముందుకు పోతే, సీటు కింద ఉండే ఇరుకైన మలుపు వంటివి ముందుగా బలి అవుతాయి. వృత్తాన్ని ఎప్పుడూ ఈ ఆదేశానికి అప్పగించను. నాలుగు నోడ్లతోనే నిలబడే ఆకారాన్ని మళ్లీ సరళీకరిస్తే కోడిగుడ్డు అవుతుంది.

ఫైలు అచ్చుకు పంపేముందు చేత్తో గీసిన స్పోకులను `Path > Stroke to Path` ద్వారా నిండు ఆకారాలుగా మారుస్తాను. అలా మార్చకుండా పంపినప్పుడు ఒక చోట బొమ్మను 30 సెంటీమీటర్లకు పెంచారు, గీతల మందం మాత్రం పాత 0.4 దగ్గరే ఉండిపోయింది. ఫ్రేమ్ దిట్టంగా, చక్రాలు సాలెగూళ్లలా వచ్చాయి. ఈ మార్పు చేశాక స్పోకును సవరించడం కష్టం కనుక, మార్చని ప్రతిని వేరే పేరుతో దాచుకుంటాను. చివరగా మామూలు ప్రింటర్ మీద అసలు కొలతలో ఒక కాగితం తీసి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూస్తాను. అందులో రెండు గీతల మధ్య తెలుపు కనిపించకపోతే, బట్ట మీద అది నలుపుగానే పడుతుంది.