బిల్లు మొత్తం చూడాలా, లైను లైనూ చూడాలా?

మా స్టోర్స్‌కి వచ్చిన ఒక బిల్లు చూడండి. పర్చేజ్ ఆర్డర్‌లో స్విచ్‌లు 100, ఒక్కోటి రూ.60; వైర్ కాయిల్స్ 10, ఒక్కోటి రూ.1,800. జీఎస్టీ కాకుండా మొత్తం రూ.24,000. బిల్లు కూడా సరిగ్గా రూ.24,000. మొత్తాలు మాత్రమే పోల్చేవాళ్లు ఇక్కడే సంతకం పెట్టేస్తారు. అర నిమిషం పని, కాదనను.

అదే లైను వారీగా చూస్తే స్విచ్ రేటు రూ.70 వేశారు, కాయిల్ రూ.1,700. ఎక్కువా తక్కువా ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. పైగా డెలివరీ చలాన్ మీద గేటు దగ్గర సంతకం పడింది 9 కాయిల్స్‌కే. కాబట్టి సప్లయర్‌కి వెనక్కి రాయాల్సింది ఇలా:

లైను 1: రేటు తేడా, రూ.1,000 ఎక్కువ.
లైను 2: ఒక కాయిల్ తక్కువ వచ్చింది, రూ.1,700 తగ్గించాలి; రేటు ఆర్డర్ కంటే రూ.100 తక్కువ, నిర్ధారించండి.

“బిల్లు తప్పు” అని మాత్రమే రాస్తే వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు.

లైను పద్ధతిలో చిక్కు విడతల డెలివరీతో వస్తుంది. మిగిలిన కాయిల్ వచ్చే వారం వస్తే, దాని బిల్లుని ఆర్డర్‌లోని 10తో కాదు, ఇప్పటిదాకా అందినదాంట్లోంచి బిల్లయింది తీసేసి పోల్చాలి. ఆర్డర్‌లో, బిల్లులో ఐటం పేర్లూ కలవవు. కోడ్‌తోనే జత చేయండి.