వేడి గోడకు ఏది మేలు: బొడిపెల పెంకా, గొట్టపు పెంకా?

ప్రాచీన రోమన్ నగరం పాంపేయిలోని ఫోరమ్ స్నానశాలలో, పురుషుల వైపు, పక్కపక్కనే రెండు గదులున్నాయి. గోరువెచ్చని గదిని వేడెక్కించింది పెద్ద కంచు కుంపటి. నిగిడియస్ వక్కులా అనే ఆయన ఇచ్చిన కానుక అది. పక్కనున్న వేడినీళ్ల గదిలో మాత్రం కుంపటి లేదు. నేల కింద, గోడల వెనుక పొయ్యి సెగ పారేది.

కుంపటి పెట్టడం తేలిక. కానీ సెగ పైకప్పుకు పోతుంది, కాళ్ల కింద రాయి చల్లగానే ఉంటుంది, బొగ్గుల విషవాయువు గదిలోనే మిగులుతుంది. వేడినీళ్ల గదికి అది చాలదు. కాబట్టి అసలు ఎంపిక సెగను గోడలోకి ఎలా ఎక్కించాలన్నదే.

నేల కట్టే తీరు రెండు రకాల పెంకులకూ ఒకటే. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన కొలతల ప్రకారం రెండడుగుల ఎత్తున, అంటే దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తున, చిన్న ఇటుక స్తంభాలు లేపాలి. ఒక్కో ఇటుక వెడల్పు సుమారు 20 సెంటీమీటర్లు. ఇటుకలను వెంట్రుకలు కలిపిన బంకమట్టితో పేర్చాలి. పైన రెండడుగుల చదరపు పలకలు పరిచి, వాటి మీద గచ్చు వేయాలి. నాలుగు పలకల మూలలు ఒకే స్తంభం మీద కలుస్తాయి కనుక ఒక్కో మూలకు దొరికే ఆనిక 10 సెంటీమీటర్లే. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న గదికి 54 పలకలు కావాలి. గోడల అంచున కూడా స్తంభాలు కడితే అవి 70 అవుతాయి. ఒక్క స్తంభం వంకర పోయినా మూల జారి గచ్చు పగులుతుంది. అడుగు నేల పొయ్యి వైపు వాలుగా ఉండాలి. లోపలికి బంతి విసిరితే అది నిలవకుండా పొయ్యి మూతి దగ్గరికే దొర్లి రావాలన్నది విట్రూవియస్ పరీక్ష.

ఇక గోడ. ఫోరమ్ స్నానశాల వేడిగదిలో వాడింది బొడిపెల పెంకు. పలక వెనుక మూలల్లో పొడుచుకొచ్చిన బొడిపెలు గోడకు ఆనుతాయి. వాటి ఎత్తు మేరకు సందు మిగులుతుంది. పలకలను ఇనుప మేకులతో బిగించి పైన గిలాబా చేస్తారు. పెంకులు తక్కువ పడతాయి, పని త్వరగా అవుతుంది. తేమగోడకు ఇలా ఎడం వదలడం విట్రూవియస్‌కు తెలిసిన పద్ధతే.

చిక్కు వేడి దగ్గర మొదలవుతుంది. ఆ సందంతా అడ్డులేని ఒకే పొర. సెగ తనకు సులువైన దారినే పైకి పోతుంది. పొయ్యికి దగ్గరి భాగం కాలుతుంటే దూరపు మూల చల్లగా ఉండిపోతుంది, అక్కడ ఆవిరి నీరై కారుతుంది. పైగా బరువంతా మేకుల మీద, పెళుసు బొడిపెల మీద ఉంటుంది. వేడికి, తేమకు ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, మూల చిట్లుతుంది. ముందు గిలాబా ఉబ్బుతుంది, తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. తర్వాత పగులు వెంట నల్లటి మసి గీత కనబడుతుంది. అంటే పొగ గదిలోకి వస్తోందన్నమాట. అప్పుడు పొయ్యి ఆపాల్సిందే.

సా.శ. 1వ శతాబ్దంలో వ్యాపించిన గొట్టపు పెంకు ఈ లోపాన్ని సరిదిద్దింది. అది కాల్చిన మట్టి పెట్టె. పైనా కిందా తెరిచి ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే నిలువు గొట్టమవుతుంది. పక్కల్లో ఉన్న కంతల గుండా సెగ పక్క వరుసలోకీ పారుతుంది కనుక గోడ అంతా దాదాపు సమంగా వెచ్చబడుతుంది. బరువు కింది పెట్టె మీద పడుతుంది, మేకు పట్టుకోవడానికే. ముఖం మీద దువ్వెనతో గీసిన గీతల్లోకి సున్నం దిగి గిలాబాను పట్టి ఉంచుతుంది.

దీనికీ ఖర్చుంది. ఒక్కో పెట్టెను విడిగా చేసి కాల్చాలి, పేర్చేటప్పుడు కంతలు కంతలకు ఎదురుగా రావాలి. లోపల సున్నం జారిపడి మూసుకుంటే ఆ వరుస చల్లబడిపోతుంది. పైన పొగ బయటికి పోయే దారి లేకపోతే ఎంత మంచి గోడైనా లాగదు, పొగ పొయ్యి మూతి నుంచే వెనక్కి తన్నుతుంది.

నా తీర్పు: చిన్న గదికి, పొట్టి గోడకు బొడిపెల పెంకు చాలు. పెద్ద వేడిగదికి మాత్రం గొట్టపు పెంకే. రెండింటిలోనూ మంట నెమ్మదిగా, ఆపకుండా మండాలి. ఒక్కసారిగా ఎగదోస్తే గచ్చు పైభాగం చల్లగా, అడుగు వేడిగా ఉండి చిట్లుతుంది.

నీళ్లకూ ఆ పొయ్యే. దాని మీద మూడు కంచు కాగులు. వేడి కాగులో ఎంత తగ్గితే అంత గోరువెచ్చని కాగులోంచి, దానిలోకి చన్నీళ్ల కాగులోంచి వస్తుంది. కానీ తొట్టిలోకి వచ్చిన నీళ్లు చల్లారిపోతాయి కదా. పాంపేయి స్టాబియన్ స్నానశాలలో స్త్రీల వేడిగది తొట్టికి, సెగ దారి మీద బోర్లించిన అర్ధగొట్టం లాంటి కంచు పాత్ర అమర్చారు. ఒక వైపు తొట్టిలోకి తెరిచి ఉంటుంది. అందులో కాగిన నీరు తొట్టిలోకి ఎక్కుతుంది, చల్లారిన నీరు కిందుగా దానిలోకి దిగుతుంది. ఎవరూ తోడి పోయనక్కర్లేదు, పొయ్యి మండుతున్నంతసేపూ తొట్టి చల్లారదు.