పై అంతస్తు గాలి, మధ్య అంతస్తు పడమటి ఎండ: అద్దెకు ఏ ఫ్లాట్ మేలు?

అద్దె ఒకటే, గదుల కొలతలూ ఒకటే అనుకుందాం. మొదటి ఫ్లాట్ చిట్టచివరి అంతస్తులో ఉంది. ఎదురెదురు గోడలకు కిటికీలున్నాయి, గాలి ధారాళంగా ఆడుతుంది. రెండోది మధ్య అంతస్తులో ఉంది, కిటికీలన్నీ పడమటి వైపే. చూడగానే చాలామంది మొదటిదే బాగుందంటారు. కానీ పగలు పదకొండింటికి చూసి తేల్చే విషయం కాదిది.

ముందు వేడి లెక్క చూద్దాం. పడమటి గోడకు 4 అడుగుల చదరపు కిటికీ ఉంటే అద్దం సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు. వేసవిలో సాయంత్రం నాలుగింటి ఎండ దాని మీద నేరుగా పడితే దాదాపు 700 వాట్ల వేడి లోపలికి వస్తుంది. అంటే ఆ గంటలో గదిలో ఒక చిన్న హీటరు వెలుగుతున్నట్టే. ఆ వేళకు సూర్యుడు కిందికి దిగి ఉంటాడు కాబట్టి కిటికీ మీది సజ్జా పెద్దగా అడ్డం రాదు. అదే సజ్జా దక్షిణం కిటికీకి బాగా పనిచేస్తుంది, వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కనుక.

పై అంతస్తులో వేడి పైకప్పు నుంచి దిగుతుంది. 12 అడుగుల చదరపు గది మీద 5 అంగుళాల కాంక్రీటు శ్లాబు, పైన ఏ పూతా లేకుండా ఉంటే, ఎండాకాలం ఆ గదికి కిటికీ కంటే శ్లాబు ఇచ్చే వేడే ఎక్కువ కావచ్చు. పైగా అది ఆలస్యంగా వస్తుంది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు చీకటి పడ్డాక గంటల తరబడి వేడి వదులుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే సీలింగు దగ్గర కాగిన గాలినే మంచం మీదికి తోస్తుంది.

అందుకే పై అంతస్తు ఫ్లాటును బాగా ఎండ కాసిన రోజున, రాత్రి ఏడు, తొమ్మిది మధ్య చూడాలి. స్టూలు ఎక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించండి, తర్వాత రెండు గదుల మధ్య గోడకు ఆనించండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే మరీ మేలు: సీలింగు ఆ గోడకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే రాత్రుళ్లు నిద్ర కష్టమే. వాన పడిన రోజు ఈ పరీక్ష పనికిరాదు, తడిసిన శ్లాబు చల్లగానే ఉంటుంది. డాబా ఎక్కి తెల్లటి పూత గానీ, లేతరంగు టైల్స్ గానీ ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే ఈ ఫ్లాటు మీది అభ్యంతరం చాలావరకు తగ్గిపోతుంది.

ఇక గాలి. ఫ్లాటు చూపించేవాళ్లు వీధి తలుపు బార్లా తీసి నిలబడతారు. అప్పుడు ఏ ఇంట్లోనైనా గాలి వీస్తుంది. ఆ తలుపు మూయించండి. పడుకునేటప్పుడు మీరు మూసుకునే పడకగది తలుపునూ మూసి, కిటికీ దగ్గర సన్నటి టిష్యూ కాగితం ముక్క పట్టుకోండి. కదలకపోతే, హాల్లో మీరు చూసిన గాలి పడకగదికి దక్కనట్టే. పడకగదికే రెండు గోడల్లో కిటికీలుంటే తప్ప ఎదురెదురు కిటికీల గాలి అన్న మాట రాత్రిపూట నిలవదు. జరిపే కిటికీలైతే ఇంకో తిరకాసు: రెండు రెక్కల కిటికీ సగమే తెరుచుకుంటుంది, ఆ సగానికీ దోమల మెష్ అడ్డం.

ఒకే వైపు కిటికీలున్న గదిలో గాలి, సీలింగు ఎత్తుకు రెండు రెండున్నర రెట్ల లోతు వరకే చేరుతుందని మోటు లెక్క. 10 అడుగుల ఎత్తుకు 20, 25 అడుగులు. మధ్య అంతస్తు ఫ్లాటులో ఒక్క పడకగది వరకైతే ఇది సరిపోతుంది, కానీ వెనకనున్న వంటగది ఉక్కగా ఉంటుంది.

నా తీర్పు మధ్య అంతస్తుకే, రెండు షరతుల మీద. కిటికీ బయట వెదురు తడక కట్టుకోనివ్వాలి. లోపలి కర్టెన్ చాలదు, అద్దం దాటిన వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. రెండోది, వంటగదిలోనో బాత్రూంలోనో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టే వీలుండాలి. రాత్రి అది వేసి, పడకగది కిటికీ తీసి, మధ్య తలుపులు కొద్దిగా తెరిస్తే బయటి చల్లగాలి గదిగుండా లాగబడుతుంది. వంద వాట్లు కూడా తినదు. పై అంతస్తు శ్లాబుకైతే డాబా మీద పూత వేయించాలి, అది యజమాని చేతిలోని పని. అద్దెకుండేవాళ్లు సొంత డబ్బు పెట్టడానికి జంకుతారు, జంకడం న్యాయమే.

ఊరి గాలిని బట్టి ఈ తీర్పు మారుతుంది. పొడి వాతావరణంలో రాత్రి బయట చల్లబడుతుంది కాబట్టి పగలు కిటికీలు మూసి, రాత్రి తీస్తే చాలు. పగలు 42 డిగ్రీల గాలిని లోపలికి రానిస్తే అది ఉపకారం కంటే అపకారమే చేస్తుంది. సముద్రం పక్క ఊళ్లో రాత్రి కూడా పెద్దగా చల్లబడదు, చెమట ఆరాలంటే గాలి కదలాల్సిందే. అక్కడ డాబా మీద తెల్లపూత ఉన్న పై అంతస్తు ఫ్లాటు దొరికితే దాన్నే తీసుకోవచ్చు.

పడమర ఎటో ఫోన్ దిక్సూచితో చూసేటప్పుడు ఇనుప గ్రిల్‌కు దూరంగా, గది మధ్యలో నిలబడండి. ఇనుము దగ్గర ముల్లు తప్పుతుంది. చలికాలంలో ఇల్లు చూస్తున్నవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి: అప్పుడు సూర్యుడు నైరుతి వైపు అస్తమిస్తాడు, మే, జూన్‌లలో వాయవ్యం వైపు. డిసెంబరులో నీడగా కనిపించిన ఉత్తరపు కిటికీలోకి ఆ నెలల్లో సాయంత్రం ఎండ ఏటవాలుగా దూరుతుంది.