లోడు కిరాయా, టన్ను ధరా? కర్నూలు–బెంగళూరు బియ్యం లారీలకు కొటేషన్ మెయిల్

ప్రతి నెలా ఒకే దారిలో సరుకు పంపే బియ్యం మిల్లు నలుగురైదుగురు ట్రాన్స్‌పోర్టర్లను కొటేషన్ అడిగేటప్పుడు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, ఒక్క వాక్యంతో రేటు అడిగి ఊరుకోవాలా, లేక అన్ని వివరాలూ రాసి అడగాలా అన్నది. రెండవది, కిరాయిని లోడు చొప్పున అడగాలా, టన్ను చొప్పున అడగాలా అన్నది. కర్నూలు నుంచి బెంగళూరు యశవంతపుర మార్కెట్ యార్డుకు బియ్యం పంపే పనిలో నాకు అనుభవమైన మేరకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. దూరం సుమారు 350 కిలోమీటర్లు. నెలకు ఎనిమిది లోడ్లు, లోడుకు 26 కిలోల సంచులు 700, అంటే 18.2 టన్నులు. కింద రాసిన రూపాయలు లెక్క తెలియడానికి వేసుకున్నవే గాని మార్కెట్ రేట్లు కావు.

మొదట ఒక్క వాక్యపు మెయిల్ సంగతి చూద్దాం. “కర్నూలు నుంచి బెంగళూరుకు బియ్యం, నెలకు ఎనిమిది లోడ్లు, మీ రేటు తెలపండి” అని రాస్తే జవాబులు సాయంత్రానికే వస్తాయి, కానీ ఒకదానితో మరొకటి పోల్చడానికి వీలుండదు. ఒకరు లోడుకు 29,000 అన్నారనుకుందాం. రెండవవారు టన్నుకు 1,500 అన్నారు, అంటే మన 18.2 టన్నులకు 27,300 అవుతుంది. మూడవవారు లోడుకు 26,500 అన్నారు. కాగితం మీద మూడవవారే చవక, కాబట్టి చాలామంది ఆ కొటేషన్‌నే ఖాయం చేసుకుంటారు.

నెల గడిచి బిల్లులు వచ్చాక వరుస తారుమారవుతుంది. మొదటివారి రేటులో టోల్, సరుకు దించేదాకా లారీ గమ్యంలో నిలిచినందుకు ఒక రోజు హాల్టింగ్ ఖర్చు కలిసి ఉన్నాయి కాబట్టి ఎనిమిది లోడ్లకు 2,32,000 దగ్గరే లెక్క నిలిచింది. రెండవవారి రేటులోనూ అవి కలిసే ఉన్నాయి గాని, మెయిల్‌లో లారీ రకం రాయకపోవడం వల్ల ఆయన పన్నెండు టైర్ల లారీని మనసులో పెట్టుకుని, కనీసం 20 టన్నులకు కిరాయి ఇవ్వాలన్న షరతుతో రేటు చెప్పారు. అందువల్ల 18.2 టన్నులు ఎక్కించినా లోడుకు 30,000 చొప్పున 2,40,000 అయింది. మూడవవారికి టోల్ వేరు, హాల్టింగ్ ఆరు గంటలు దాటితే రోజుకు 2,000. టోల్ లోడుకు 2,400 అనుకుని, ఆ నెలలో మూడు లారీలు యార్డులో హమాలీలు దొరకక మర్నాటిదాకా నిలిచాయనుకుంటే మొత్తం 2,37,200 అవుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన 29,000 రేటే చివరికి చవక. ఇందులో ట్రాన్స్‌పోర్టర్ల మోసం ఏమీ లేదు. మనం అడగని ప్రశ్నకు ఒక్కొక్కరు తమ అలవాటు ప్రకారం జవాబు ఊహించుకున్నారు, అంతే.

అందుకే నేను వివరాల మెయిల్ పక్షమే. జవాబులకు మూడు నాలుగు రోజులు పడుతుందన్న మాట నిజమే. ఏడాది పొడవునా నడిచే దారికి ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. రేపు ఉదయానికి ఒక్క లారీ కావలసి వస్తే మాత్రం వివరాల మెయిల్ పనికిరాదు, లారీ ఆఫీసుకు ఫోన్ చేయడమే సరి. మెయిల్‌లో ముఖ్యమైన భాగాన్ని నేను ఇలా రాస్తాను:

“విషయం: కర్నూలు–బెంగళూరు (యశవంతపుర యార్డు) నెలవారీ బియ్యం రవాణాకు కొటేషన్.

సరుకు 26 కిలోల సంచుల బియ్యం మాత్రమే, తవుడు గాని ఇతర సరుకు గాని ఉండదు. ప్రతి మంగళ, శుక్రవారాలలో ఒక్కొక్క లోడు, లోడుకు 700 సంచులు, 18.2 టన్నులు. పది టైర్ల లారీ కావాలి. చెక్కలు విరగని పొడి ప్లాట్‌ఫారం, చిరుగులు లేని రెండు టార్పాలిన్ పట్టాలు ఉండాలి. లారీ మధ్యాహ్నం రెండు గంటలకు మిల్లుకు రావాలి, మర్నాడు ఉదయానికి యార్డు చేరాలి. లోడింగ్ హమాలీ మాది, దించే హమాలీ కొనుగోలుదారుది. టోల్, డ్రైవర్ బత్తా కలిపి లోడు కిరాయి తెలపండి. దించడానికి 24 గంటలు ఉచితం, ఆపైన రోజుకు హాల్టింగ్ ఎంతో విడిగా రాయండి. తరుగును సంచుల లెక్కతో, రెండు చోట్ల కాటా చీటీలతో చూస్తాం. సంతకమైన రసీదు చేరిన 15 రోజుల్లో చెల్లిస్తాం. లారీలు మీ సొంతవా, బయట మాట్లాడేవా తెలపండి.”

సరుకు బియ్యం మాత్రమే అని రాయడానికి ఒక కారణం ఉంది. బియ్యం రవాణా కిరాయిపై జీఎస్టీ మినహాయింపు ఉంది, తవుడుకు అది వర్తించదు. ఆ మాట లేకపోతే ఒకరు పన్ను కలిపి, మరొకరు కలపకుండా రేటు పంపుతారు, మళ్లీ పోలిక చెడుతుంది.

ఇక లోడు కిరాయా, టన్ను ధరా అన్న ప్రశ్న. సరుకు బరువు ప్రతిసారీ మారే వ్యాపారంలో, ఒక వారం 12 టన్నులు, మరో వారం 17 టన్నులు పంపేవారికి, టన్ను ధరే న్యాయం. అలాంటివారు కనీస బరువు ఎంతో ముందే రాయించుకోవాలి. మన బియ్యం లోడులో సంచుల సంఖ్య మారదు కాబట్టి లోడు కిరాయే మేలని నా అభిప్రాయం. టన్ను ధరలో ఇంకొక చిక్కు కూడా ఉంది. బరువు పెరిగినకొద్దీ కిరాయి పెరుగుతుంది గనుక, లారీ మోయగలిగినదానికన్నా ఎక్కువ ఎక్కించాలన్న ఆశ ట్రాన్స్‌పోర్టర్‌కు పుడుతుంది. 2018 సవరణ తరువాత పది టైర్ల లారీకి సరుకుతో కలిపి మొత్తం బరువు పరిమితి 28.5 టన్నులు. అది దాటి పట్టుబడితే 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000, పైగా ఎక్కువైన సరుకును దారిలోనే దింపాల్సి వస్తుంది. వానాకాలంలో రోడ్డు పక్కన దించిన బియ్యానికి ఏమవుతుందో మిల్లువారికి వేరే చెప్పనక్కరలేదు.

డీజిల్ విషయంలోనూ రెండు దారులున్నాయి. మూడు నెలల ఒప్పందానికి మారని రేటు చాలు. ఏడాదికైతే డీజిల్‌తో ముడిపెట్టిన రేటే నయం. మారని రేటు ఏడాదికి అడిగితే ట్రాన్స్‌పోర్టర్ రాబోయే పెరుగుదలను ముందే కలుపుకుంటాడు, లేదా ధర పెరిగిన నెలలో లారీ లేదంటాడు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు అనుకుంటే ఒకవైపు ప్రయాణానికి సుమారు 88 లీటర్లు పడుతుంది. కాబట్టి కొటేషన్ తేదీనాటి కర్నూలు బంకు ధరను ఆధారంగా పెట్టి, అది మూడు రూపాయలకు మించి మారితే, మారిన ప్రతి రూపాయికి లోడుకు 90 రూపాయలు పెంచడమో తగ్గించడమో అని మెయిల్‌లోనే రాయాలి. తగ్గింపు మాటను వదిలేయకూడదు.

మెయిల్‌ను ఒక్కొక్కరికి విడిగా పంపడం మంచిది. అందరి చిరునామాలూ ఒకేచోట కనబడితే, కొటేషన్లు రాకముందే వారిలో వారు మాట్లాడుకునే వీలు కలుగుతుంది.

జవాబులు వచ్చాక ఎవరైనా హాల్టింగ్ ఎంతో రాయకుండా వదిలితే, అది సున్నా అని మనం అనుకోకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో మెయిల్ తిరిగి పంపి, రాతలో జవాబు తెప్పించుకోవాలి. ఒకరి రేటు మిగతావారికన్నా బాగా తక్కువగా ఉంటే, ముందుగా లారీలు సొంతవా అన్న ప్రశ్నకు వారిచ్చిన జవాబు చూడాలి. బయట లారీలు మాట్లాడేవారు గిరాకీ లేని రోజుల్లో తక్కువకు పంపగలరు, కోతల కాలంలో అదే రేటుకు వారికి లారీ దొరకదు. అలాంటివారికి మంగళవారం లోడు మాత్రం ఇచ్చి, శుక్రవారం లోడును సొంత లారీలున్నవారికి కాస్త ఎక్కువ రేటుకైనా ఇస్తే, ఒకరి లారీ రాని రోజున రెండవవారిని అడగడానికి దారి ఉంటుంది.