షీట్స్‌లో చార్ట్: బొమ్మ అదే గీస్తుంది, రేంజ్ మాత్రం మనమే చూసుకోవాలి

మా అపార్ట్‌మెంట్ నిజాంపేట వైపు. ఎండాకాలం వస్తే బోరు మీద నమ్మకం ఉండదు, ట్యాంకర్ల మీదే బతుకు. ఆ ట్యాంకర్ల లెక్క కొన్నేళ్లుగా నేనే గూగుల్ షీట్స్‌లో రాస్తున్నాను. జనరల్ బాడీ మీటింగ్‌కి ముందు దాన్ని చార్ట్‌గా చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా నా పనే. ఇన్నాళ్లు వాడాక నాకు అనిపించింది చెప్తాను. చార్ట్ గీయడంలో షీట్స్ చాలా చురుకైనది. కానీ ఏ గడి నుంచి ఏ గడి వరకు తీసుకోవాలి, ఏ వరుస హెడింగ్ అన్న సంగతి అది ఊహించుకుంటుంది. ఆ ఊహ తప్పినా ఎర్రర్ అంటూ ఏమీ రాదు, చూడ్డానికి బాగానే ఉండే తప్పు బొమ్మ వస్తుంది.

ఇదీ మా టేబుల్. మొదటి వరుసలో నాలుగు గడులు కలిపి "నీళ్ల ట్యాంకర్ల లెక్క" అని శీర్షిక ఉంటుంది. రెండో వరుసలో హెడింగులు, మూడు నుంచి ఎనిమిది వరకు నెలలు, తొమ్మిదో వరుసలో మొత్తం.

| నెల | 2023 | 2024 | 2025 |
|---|---|---|---|
| జనవరి | 6 | 14 | 8 |
| ఫిబ్రవరి | 9 | 22 | 11 |
| మార్చి | 17 | 41 | 20 |
| ఏప్రిల్ | 24 | 58 | 27 |
| మే | 28 | 63 | 25 |
| జూన్ | 15 | 30 | 12 |
| మొత్తం | 99 | 228 | 103 |

టేబుల్‌లో ఏదో ఒక గడి మీద క్లిక్ చేసి `Insert` మెనూలో `Chart` నొక్కితే కుడి పక్కన `Chart editor` తెరుచుకుంటుంది. అందులో `Setup`, `Customize` అని రెండు ట్యాబ్‌లు ఉంటాయి. అసలు పనంతా `Setup`లోనే. రంగులు, అక్షరాల సైజు లాంటివి రెండో దాంట్లో ఉంటాయి, వాటి జోలికి చివర్లో వెళ్తే చాలు.

మనం ఏదీ సెలెక్ట్ చేయకుండా చార్ట్ పెట్టమంటే, క్లిక్ చేసిన గడి చుట్టూ ఖాళీ లేకుండా ఎంతవరకు డేటా ఉందో అంతా కలిపి షీట్స్ తీసుకుంటుంది. మా టేబుల్‌లో శీర్షికకీ హెడింగులకీ మధ్య ఖాళీ లేదు, జూన్‌కీ మొత్తానికీ మధ్య కూడా లేదు. కాబట్టి `Data range`లో `A1:D9` అని పడుతుంది. అక్కడి నుంచే తేడా మొదలు. శీర్షిక ఉన్న వరుసను హెడింగ్ అనుకుని, సంవత్సరాలు ఉన్న వరుసను మామూలు డేటాగా లెక్కేస్తే, 2023, 2024, 2025 కూడా ట్యాంకర్ల సంఖ్యలే అయిపోతాయి. నిలువు అక్షం రెండు వేలు దాటుతుంది. అరవై మూడు ట్యాంకర్లు వచ్చిన మే నెల కూడా అడుగున నేలకి అంటుకుపోయి కనిపిస్తుంది. మూడు గీతలూ ఎడమవైపు ఆకాశంలో మొదలై ఒక్కసారిగా కిందపడి పాకుతాయి. చివర్లో మొత్తం దగ్గర కాస్త తల ఎత్తుతాయి.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, చార్ట్ కింద ఉన్న పేర్లు చదివితే సరిపోతుంది. మొదటి పేరు "జనవరి" అయ్యుండాలి. "నెల" అని ఉంటే హెడింగ్ వరుస డేటాలోకి దూరిపోయిందని అర్థం. చివరి పేరు "జూన్" అయ్యుండాలి, "మొత్తం" కనిపిస్తే రేంజ్ ఒక వరుస ఎక్కువైనట్టే. నేను ఎవరి చార్ట్ చూసినా ముందు ఈ రెండు చివర్లే చూస్తాను.

సరిచేయడం తేలిక. `Data range` పెట్టెలో ఇలా మార్చాలి:

```
A2:D8
```

శీర్షికా మొత్తమూ వదిలేసి, హెడింగులు మాత్రం ఉంచుకున్నామన్నమాట. హెడింగులు కూడా వదిలేసి `A3:D8` ఇచ్చేవాళ్లున్నారు. చార్ట్ వస్తుంది కానీ ఏ గీత ఏ సంవత్సరానిదో చెప్పే పేర్లు ఉండవు.

ఇక్కడే నాకు షీట్స్ మీద అసలు కంప్లయింట్. రేంజ్ సరిగ్గా ఇచ్చినా మా లాంటి టేబుల్‌లో పని పూర్తి కాదు. హెడింగులు మామూలుగా అక్షరాల్లో ఉంటాయి, కింద అంకెలుంటాయి. ఆ తేడా చూసే అది హెడింగ్ వరుసను గుర్తు పడుతుంది. మా హెడింగులేమో సంవత్సరాలు, అవీ అంకెలే. దాంతో తికమకపడి రెండో వరుసను మళ్లీ డేటాలో కలిపేసే అవకాశం ఉంది. `Setup` ట్యాబ్‌లో కిందికి వెళ్తే `Use row 2 as headers` అని చిన్న చెక్ బాక్స్ ఉంటుంది. రేంజ్ ఏ వరుసలో మొదలైతే ఆ నంబరే అందులో కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టగానే సంవత్సరాలు గీతల పేర్లుగా మారిపోయి, నిలువు అక్షం డెబ్భై దగ్గరకు దిగొస్తుంది. అప్పుడు కనపడుతుంది 2024 వేసవి ఎంత పైకి లేచిందో. దాని పక్కనే `Use column A as labels` అని ఇంకోటి ఉంటుంది. నెలల పేర్లు అడుగున రావాలంటే దానికీ టిక్ ఉండాలి.

ఇంత ముఖ్యమైన టిక్‌ని కిందికి జరిపితే తప్ప కనపడనిచోట పెట్టడం నాకు నచ్చలేదు. రేంజ్ పక్కనే ఉండాల్సింది. ప్రతిసారీ దాన్ని వెతకడం ఇష్టం లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. సంవత్సరానికి ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టి `'2023` అని టైప్ చేస్తే షీట్స్ దాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది. గడిలో ఆ గుర్తు కనపడదు, కానీ అంకె కుడివైపు కాకుండా ఎడమవైపు జరుగుతుంది. నేను ఇప్పుడు ఇలాగే రాస్తున్నాను.

ఎడమ, కుడి సంగతి డేటాకి కూడా పనికొస్తుంది, అక్కడ తిరగేసి చూడాలి. మా సెక్రటరీ గారు ఫోన్‌లో షీట్ తెరిచి "41 ట్యాంకర్లు" అని రాసేస్తారు. చదివేవాళ్లకి అర్థమవుతుంది, చార్ట్‌కి మాత్రం అది సంఖ్య కాదు, కాబట్టి ఆ నెల విలువ రాదు. గడుల అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే సంఖ్యలన్నీ కుడివైపు ఉంటాయి. ఏదైనా ఎడమవైపు ఉంటే అనుమానించాలి. అనుమానం తీరడానికి పక్క గడిలో ఇది పెట్టండి:

```
=ISNUMBER(C5)
```

`FALSE` వస్తే ఆ గడిలో వట్టి అంకె మాత్రమే మళ్లీ టైప్ చేయాలి. "ట్యాంకర్లు" అన్న మాట హెడింగ్‌లోనో శీర్షికలోనో ఉంటే చాలు.

నెలలు పెరిగేకొద్దీ రేంజ్ ఏమవుతుందన్నది ఇంకో తలనొప్పి. జూన్ కింద, మొత్తానికి పైన ఒక వరుస చేర్చి జూలై రాశామనుకోండి. అది తొమ్మిదో వరుస, మన రేంజ్ ఎనిమిదితో ఆగిపోయింది. టేబుల్‌లో జూలై ఉంటుంది, చార్ట్‌లో ఉండదు. రేంజ్ మధ్యలో వరుస చేరిస్తే అది తనంతట తనే పెరుగుతుంది, అంచు అవతల చేరిస్తే మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. అందుకే నేను డిసెంబర్ దాకా పేర్లు ముందే రాసేసి, `A2:D14` అని ఇచ్చేస్తాను. రాని నెలల గడులు ఖాళీగా వదిలేస్తాను. సున్నా మాత్రం పెట్టను. ఖాళీ గడి ఉంటే గీత అక్కడే ఆగుతుంది, సున్నా పెడితే దభీమని కిందపడుతుంది. అది చూసి ట్యాంకర్లు ఆగిపోయాయనుకుని మెయింటెనెన్స్ తగ్గించమనే వాళ్లుంటారు మా దగ్గర. మొత్తాన్ని కూడా ఒక వరుస ఖాళీ వదిలి కింద రాస్తే, షీట్స్ దాన్ని తనంతట తాను కలుపుకోదు. శీర్షిక కింద కూడా అలాగే ఒక వరుస ఖాళీ వదలొచ్చు, కాకపోతే అప్పుడు హెడింగులు మూడో వరుసకి దిగుతాయి, రేంజ్ `A3` నుంచి ఇవ్వాలి.

వచ్చే ఏడాదికి కొత్త కాలమ్ వేసినప్పుడు రేంజ్‌ని `E` దాకా పెంచి, కిందున్న `Series` జాబితాలో ఆ సంవత్సరం చేరిందో లేదో చూసుకోవాలి. చేరకపోతే `Add Series` నొక్కి చేర్చాలి.

ఇక చార్ట్ రకం. `Chart type` నొక్కితే పెద్ద జాబితా వస్తుంది, అందులో నేను వాడేవి రెండే. వేసవి ఎలా ఎక్కి ఎలా దిగిందో చూపించాలంటే లైన్ చార్ట్. ఈ ఏప్రిల్‌కీ పోయిన ఏప్రిల్‌కీ తేడా చూపించాలంటే కాలమ్ చార్ట్, అందులో ఒక్కో నెలకి మూడు స్తంభాలు పక్కపక్కన నిలబడతాయి. ఒకవేళ నెలలకి బదులు సంవత్సరాలు అడుగుకి వచ్చి నెలలు గీతలైపోతే కంగారు పడక్కర్లేదు, `Switch rows / columns` టిక్ తీస్తే మామూలైపోతుంది. స్టాకింగ్ ఈ టేబుల్‌కి వద్దు. మూడేళ్ల మార్చి నెలల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి 78 అని చూపిస్తే ఎవరికి ఉపయోగం?

మూడో అంతస్తు అంకుల్‌కి గుండ్రటి బొమ్మని ముక్కలుగా కోసి చూపించే `Pie chart` అంటే మహా ఇష్టం, "రంగులుంటే చూడ్డానికి బాగుంటుంది కదమ్మా" అంటారు. `Pie chart` ఒకే ఒక్క సంఖ్యల కాలమ్‌ని తీసుకుంటుంది. మా టేబుల్ ఇస్తే 2023 ఒక్కటే ముక్కలవుతుంది, మిగతా రెండేళ్లు అసలు కనపడవు. ఈ నెల మెయింటెనెన్స్ డబ్బుల్లో వాచ్‌మన్ జీతం ఎంత, కరెంటు ఎంత, లిఫ్ట్ ఎంత అని చూపించాలంటే `Pie chart` బాగుంటుంది. ఆయన కోసం అది విడిగా చేసి పెడుతున్నాను.

ట్యాంకర్ల సంఖ్యా, వాటికి కట్టిన రూపాయలూ ఒకే చార్ట్‌లో కావాలని కూడా అడుగుతారు. రెండూ ఒకే అక్షం మీద వేస్తే వేలల్లో ఉన్న రూపాయల ముందు ట్యాంకర్ల గీత చచ్చినట్టు పడి ఉంటుంది. `Combo chart` ఎంచుకుని, `Customize`లో `Series` కింద రూపాయల సిరీస్‌కి `Right axis` ఇస్తే రెండూ కనిపిస్తాయి. పని జరుగుతుంది కానీ నాకు ఇష్టం ఉండదు. రెండు అక్షాల కొలతలు వేరు, గీతలు ఒకదాన్నొకటి దాటితే ఏదో జరిగిందనుకుంటారు, నిజానికి అక్కడేమీ ఉండదు. రెండు చిన్న చార్ట్‌లు ఒకదాని కింద ఒకటి పెడతాను.

ఫోన్ యాప్‌లో చార్ట్ పెట్టడం కుదురుతుంది కానీ ల్యాప్‌టాప్‌లో ఉన్నన్ని సెట్టింగులు అందులో ఉండవు. చూడ్డానికి ఫోన్, చేయడానికి ల్యాప్‌టాప్ అనుకుంటే టెన్షన్ ఉండదు. గ్రూపులో పంపడానికి చార్ట్ మూల ఉన్న మూడు చుక్కలు నొక్కి పీఎన్‌జీ బొమ్మగా డౌన్‌లోడ్ చేసుకుంటాను. మీటింగ్ నోట్‌ని గూగుల్ డాక్స్‌లో రాసి చార్ట్‌ని అందులో లింక్‌తో అతికిస్తే, షీట్‌లో అంకె మారినప్పుడు అక్కడ దానంతట అది మారదు. డాక్స్‌లో ఆ చార్ట్ మీద `Update` బటన్ వస్తుంది, ప్రింట్ తీసే ముందు అది నొక్కాలి.