గానుగ యూనిట్‌కు నేను కూర్చిన పెట్టుబడి: నాలుగేళ్లు నడిపాక నా అభిప్రాయం

చిన్న యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు అప్పుతో పాటు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ గురించి మంచి చెప్పమంటే చెబుతాను. కానీ అది చేతికొచ్చే డబ్బని ఎవరైనా అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. పథకం వివరాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. సొంత డబ్బు, బ్యాంకు అప్పు, సబ్సిడీ కలిపి కదిరి దగ్గర పల్లెలో శనక్కాయ నూనె గానుగ పెట్టాను. ఆ కూర్పు ఇన్నేళ్లలో ఎలా పనిచేసిందో చెబుతాను.

ప్రాజెక్టు 20 లక్షలు. షెడ్డుకూ మిషన్లకూ 14 లక్షలు, సరుకు కొనడానికి 6 లక్షలు. గ్రామీణ ప్రాంతం, పైగా మహిళను కాబట్టి సబ్సిడీ 35 శాతం, అంటే 7 లక్షలు. నా వాటా కనీసం 5 శాతం, లక్ష. మిగతా 19 లక్షలు బ్యాంకు ఇవ్వాలి. అందులో 13 కిస్తీల్లో తీర్చే టర్మ్ లోన్, 6 క్యాష్ క్రెడిట్, అంటే సరుకుకు కావాల్సినప్పుడు లిమిట్ లోపల తీసుకుని తిరిగి కట్టే అప్పు.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. సబ్సిడీ 7 లక్షలు మన ఖాతాలో పడవు. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి. దాని మీద మనకు వడ్డీ రాదు, అంత మేరకు అప్పు మీద బ్యాంకు వడ్డీ వేయదు. మూడేళ్లయ్యాక యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలితే అప్పులో సర్దుతారు. అంటే మిషను కొనే రోజున అది ఒక్క రూపాయికీ అక్కరకు రాదు. మా ఆడిటర్ వేసిచ్చిన మొదటి క్యాష్ ఫ్లో పట్టికలో ఈ 7 లక్షలు మొదటి నెలలోనే ఆదాయంలా కూర్చున్నాయి. తీయించేశాను.

నా చేతిలో 4 లక్షలున్నాయి. బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ "మొత్తం ప్రాజెక్టులో పెట్టండి మేడమ్, అప్పు తగ్గుతుంది కదా" అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. నేను లక్ష మాత్రమే వాటాగా కట్టి, 3 లక్షలు పక్కన ఉంచుతానన్నాను. కారణం రాసివ్వమన్నారు. ప్రాజెక్ట్ రిపోర్టుకు జతచేసిన ఆ మూడు పేజీలే ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చినవి.

అందులో రాసింది పెద్దగా ఏమీ లేదు. మొదటి ఏడాది అమ్మకాలు 30 లక్షలనుకుంటే బ్యాంకు లెక్క ప్రకారం సరుకు తిప్పుకోవడానికిచ్చే వర్కింగ్ క్యాపిటల్ అందులో 20 శాతం, 6 లక్షలు. నా వంతు మరో 5 శాతం. రెండూ కలిపితే పాతిక శాతం, అంటే మూడు నెలల అమ్మకాలంత. పిండి మర అయితే అది చాలు. మా దగ్గర ఖరీఫ్ కాయ వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. ఆ తర్వాత ధర ఎక్కుతుంది. నెలకు టన్నున్నర పప్పు ఆడించే గానుగకు, అప్పటి ధర కిలో 105 చొప్పున, ఆరు నెలల సరుకుకే తొమ్మిదిన్నర లక్షలు కావాలి. ఆ తేడాను నా 3 లక్షలు చాలావరకు పూడుస్తాయి. అదే డబ్బు షెడ్డు గోడల్లోకి పోతే తిరిగి తీసుకోలేను. అదే నా వాదన.

రెండో పేజీలో రాసిన ఒక వాక్యం ఆడిటర్‌కు అస్సలు నచ్చలేదు. పూర్తి సామర్థ్యంలో నడిస్తే ఖర్చులు పోను నెలకు 65 వేలు మిగులుతుంది, కిస్తీ, వడ్డీ కలిపి 33 వేలు. కానీ 60 శాతానికి పడితే మిగిలేది 30 వేల లోపే, కిస్తీకి చాలదు. దాన్ని దాచకుండా రాసి, మొదటి ఏడాది ఎటూ 60 శాతమే కాబట్టి ఆరు నెలలు కిస్తీ కట్టనక్కర్లేకుండా మారటోరియం అడిగాను. మేనేజర్ సార్ కాసేపు ఆ పేజీ మీదే ప్రశ్నలడిగి, మారటోరియంతోనే శాంక్షన్ రాశారు.

అసలు కథ శాంక్షన్ తర్వాత మొదలైంది. త్రీఫేజ్ కనెక్షన్ ఆలస్యమైంది. కరెంటు లేకుండా ట్రయల్ జరగదు, ట్రయల్ కాకుండా క్యాష్ క్రెడిట్ విడుదల చేయరు. నవంబరు పోయింది, డిసెంబరు వచ్చింది. కాయ కళ్లాల్లో ఉంది, నా 6 లక్షలు కాగితం మీదున్నాయి. పక్కన పెట్టిన 3 లక్షలతో దాదాపు 2.8 టన్నుల పప్పు కొన్నాను. మా రైతులు ఎక్కువగా వేసేది కె-6 రకం, అదే కొట్టించి తెచ్చాం. గింజను పళ్లతో కొరికితే టక్కుమనాలి, మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు. అలాంటిది నిల్వ చేస్తే బూజు పడుతుంది, అందుకే వెనక్కి పంపాను. క్యాష్ క్రెడిట్ చేతికొచ్చేసరికి ఫిబ్రవరి. అప్పటికి కిలోకు పది రూపాయల పైనే పెరిగింది. ముందు కొన్న సరుకు లేకపోతే కొత్త యూనిట్ తొలి నెలల్లోనే నష్టానికి నూనె అమ్ముకునేది.

సబ్సిడీ కూడా బాగా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేదాకా మొత్తం అప్పు మీదా వడ్డీ పడుతుంది. 7 లక్షల మీద పదిన్నర శాతం చొప్పున నెలకు ఆరు వేల పైచిలుకు. ఇది ఏ బ్రోషర్‌లోనూ కనబడదు. "సబ్సిడీ రాకపోయినా కిస్తీ కట్టగలమా" అని ఇంకో పట్టిక వేసుకున్నాను కాబట్టి టెన్షన్ కాస్త తగ్గింది.

సొంత డబ్బు పక్కన పెట్టడాన్ని ఇంతగా మెచ్చుకున్నాను కదా, దానిలోనూ ఓ మెలిక ఉంది. ఈ పథకంలో క్యాష్ క్రెడిట్ మూడేళ్లలో ఒక్కసారైనా పూర్తి లిమిట్ తాకాలి, వాడకం 75 శాతానికి తగ్గకూడదు. లేకపోతే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి తీసుకుంటారు. నేను వడ్డీ మిగిలించుకుందామని ఎప్పుడూ సొంత 3 లక్షలే ముందు తిప్పాను. రెండో ఏడాది స్టేట్‌మెంట్ చూసి ఆడిటర్ హెచ్చరించాడు. ఆ డిసెంబరు నుంచి ముందు లిమిట్ పూర్తిగా తీసి కాయ కొని, సొంతది చివర్లో వాడుతున్నా. పొదుపరికి పథకం ఇలా శిక్ష వేస్తుందని నేను అనుకోలేదు.

ఇక వాటాల సంగతి. డల్లాస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు "అక్కా, 30 శాతం ఇస్తే 10 లక్షలు పంపుతా, వడ్డీ లేదు, కిస్తీ లేదు" అన్నాడు. ఆఫర్ బాగుందనిపించింది. లెక్క వేస్తే మాత్రం వేరే కనబడింది. ఏడాదికి ఆరు లక్షలు మిగిలితే వాడికి 1.80 లక్షలు, అదీ యూనిట్ ఉన్నంత కాలం. 10 లక్షల అప్పుకు మొదటి ఏడాది వడ్డీ దాదాపు లక్ష, ఐదేళ్లలో తీరిపోతుంది. అంతకంటే పెద్ద అడ్డంకి ఉంది. దరఖాస్తు నా ఒక్కదాని పేరున వేసింది, వాటాదారును తెస్తే సబ్సిడీ పోయేది. అంటే వాడి 10 లక్షలు తీసుకోవడమంటే 7 లక్షలు వదులుకోవడమే. వాడికి ఇదంతా ఓ పేజీలో రాసి పంపాను. కోపం తెచ్చుకోలేదు, "నీ ఇష్టం అక్కా" అన్నాడు, ఫోన్లు మాత్రం కొన్నాళ్లు తగ్గాయి.

మొన్న తనిఖీ అయింది, 7 లక్షలు సర్దేశారు. నేను మళ్లీ ఇదే కూర్పు ఎంచుకుంటానా అంటే అవును, కానీ మా ఆయన జీతం ఇల్లు నడుపుతుంది, ఇల్లూ సొంతమే. యూనిట్ మీదే బతకాల్సిన వాళ్లు 95 శాతం అప్పుతో మొదలుపెడితే ఆ మొదటి డిసెంబరు దాటడం కష్టం. వారానికోసారి సరుకు కొని అమ్మే ఇడ్లీ పిండి, మసాలాల వ్యాపారానికైతే మూడు నెలల లెక్క సరిపోతుంది, సొంత డబ్బు పక్కన దాచనక్కర్లేదేమో.

ఇప్పుడు రెండో గానుగ ఆలోచన ఉంది. పీఎంఈజీపీలోనే రెండో లోనుకు సబ్సిడీ 15 శాతమే, అదీ మొదటి అప్పు తీర్చాకే. తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి 12 శాతం వాటా చాలంటున్నాడు. సబ్సిడీ తగ్గింది కాబట్టి లెక్క మునుపటిలా ఉండదు. కాగితం తీసి ఇంకా వేయలేదు.