ఎనిమిది నెలల ఖాళీని ఎలా రాయాలి: ఏది మేలు?

అమలాపురం వైపు ఒక కబడ్డీ రైడర్ మీద జిల్లా పేజీకి ప్రొఫైల్ రాస్తున్నారనుకుందాం. ఆమెకు 22 ఏళ్లు. ఆడిన మ్యాచ్‌ల లెక్క చూస్తే మధ్యలో ఎనిమిది నెలలు ఖాళీ. అడిగితే ఆమె చెప్పింది ఇంతే: “నిద్ర పట్టేది కాదండి. కోర్టులోకి దిగాలంటే చేతులు వణికేవి. కాకినాడలో డాక్టరుగారికి చూపించుకున్నాను, మందులు వాడాను. ఇప్పుడు పర్లేదు.” పక్కనే ఉన్న కోచ్ అందుకున్నారు: “సెలక్షన్‌లో తీసేశాక డల్ అయిపోయిందండి.”

దీన్ని రాయడానికి మూడు దారులున్నాయి. ఎక్కువ మంది పట్టే దారి ఇది: “సెలక్షన్‌లో చోటు దక్కక డిప్రెషన్‌లోకి జారిపోయిన ఆమె, మనోధైర్యంతో దాన్ని జయించి మళ్లీ కోర్టులో అడుగుపెట్టింది.” చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఇందులో ఆమె అనని మాటలు మూడున్నాయి. డిప్రెషన్ అని ఆమె అనలేదు. నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం వేరే జబ్బుల్లోనూ ఉంటాయి, జబ్బు పేరు తేల్చాల్సింది డాక్టరే. సెలక్షనే కారణమన్నది కోచ్ ఊహ. ఇక మనోధైర్యం సంగతి మరీ అన్యాయం. ఆమె మందులు వాడానంది, వాక్యంలో మందులే మాయమయ్యాయి. అదే మందు వాడుతున్న మరో పిల్ల అది చదివితే, తనకు ధైర్యం చాలలేదనుకుని మాత్రలు మానేసే ప్రమాదముంది.

పెద్ద క్రీడాకారుల విషయంలోనూ ఇదే జరిగింది. 2021లో టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ ఒక్క వాల్ట్ చేసి తప్పుకుంది. ఒత్తిడికి తలవంచిందని కొందరు రాసేశారు. ఆమె చెప్పింది ఇంకొంత నిర్దిష్టంగా ఉంది. గాలిలో తిరుగుతున్నప్పుడు ఒళ్లు ఎటుందో తెలియడం లేదంది. జిమ్నాస్టులు దాన్ని ట్విస్టీస్ అంటారు. ఆ స్థితిలో తిరగబడి దిగితే మెడ విరగొచ్చు. ఈ ఒక్క వివరం రాస్తే తప్పుకోవడం ఎందుకో పాఠకుడికే అర్థమవుతుంది, మన తీర్పు అక్కర్లేదు. వారం తర్వాత ఆమె బీమ్ మీద కాంస్యం గెలిచింది.

రెండో దారి, అసలు రాయకపోవడం. మర్యాదైనదే. కాకపోతే మన ఊళ్లలో ఖాళీ ఖాళీగా ఉండదు. “వ్యక్తిగత కారణాలతో ఆటకు దూరమైంది” అని రాస్తే, రావులపాలెం బస్సు ఎక్కేలోపే ప్రేమ వ్యవహారమనో, డోపింగులో దొరికిందనో కథ పుడుతుంది. దానికన్నా, ఆమె ఒప్పుకుంటే, “అనారోగ్యం వల్ల ఎనిమిది నెలలు ఆడలేదు” అనడం నయం. నిజమూ అదే, కూపీ లాగేందుకు కొస కూడా దొరకదు.

మూడోది, ఆమె చెప్పినంతే, ఆమె మాటల్లోనే, కాలక్రమంలో దాని చోట రాయడం: “ఆ ఎనిమిది నెలలూ నిద్ర పట్టేది కాదని, డాక్టరుకు చూపించుకుని మందులు వాడానని ఆమె చెప్పింది.” రెండు వాక్యాలు మించనక్కర్లేదు. తర్వాతి పేరాలో మళ్లీ రైడ్‌లూ పాయింట్లూ. పద్దెనిమిది దాటిన మనిషి, తనంత తాను చెప్పింది కాబట్టి ఈ కేసులో ఇదే మేలు. పద్దెనిమిది నిండని పిల్లయితే, తల్లిదండ్రులు సరేనన్నా రెండో దారే పట్టాలి.

అయితే మూడో దారికి పని ఎక్కువ. ఆరోగ్యం గురించిన వాక్యాలు మాత్రం ఆమెకు ఫోన్‌లో చదివి వినిపించాలి. కోచ్ పక్కన లేనప్పుడు చేయాలి, ఆయన ఎదుట ఆమె వద్దని చెప్పలేకపోవచ్చు. ఇంట్లో తెలుసా, సంబంధాలు చూస్తున్నారా, ఆన్‌లైన్‌లో పేరు కొడితే ఏళ్ల తరబడి ఇది కనిపిస్తుందని తెలుసా అని అడగాలి. డాక్టరు పేరు, మందు పేరు వద్దు. ఆస్పత్రికి ఫోన్ చేసి నిర్ధారించుకోవాలని చూడొద్దు: చికిత్స పొందుతున్న మనిషి ఫొటో గానీ సమాచారం గానీ ఆ మనిషి అనుమతి లేకుండా మానసిక ఆరోగ్య కేంద్రం నుంచి మీడియాకు ఇవ్వకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది.

ఇంత చేసినా చెడేది హెడ్డింగ్ దగ్గర. కాపీ జాగ్రత్తగా వెళ్తుంది, రాత్రి డెస్క్‌లో “డిప్రెషన్‌ను ఓడించిన కోనసీమ రైడర్” అని పడుతుంది, పక్కన ఓడిన రోజు తల పట్టుకుని కూర్చున్న ఫొటో. అందుకే కాపీ పైనే డెస్క్‌కు నోట్ పెట్టాలి: హెడ్డింగ్‌లో ఆటే ఉండాలి, రైడ్ చేస్తున్న ఫొటోనే వాడాలి. “అనారోగ్యం వల్ల” అన్న వాక్యం కూడా కింద విడిగా రాసి పంపాలి. పేజీ వెళ్లే ముందు ఆమె ఫోన్ చేసి “వద్దండి” అంటే, డెస్క్‌లో ఉన్నవాళ్లు ఆ రెండు వాక్యాలు తీసి ఇది పెట్టేస్తారు.